సగటు 44, అసలు 54: ఎర్రగుంట్ల దగ్గరి ఒక సున్నపురాయి గనిలో లాగరిథమ్ లెక్క

కడప జిల్లా ఎర్రగుంట్ల ప్రాంతంలో సిమెంటు తయారీకి పనికివచ్చే సున్నపురాయి గనులు ఉన్నాయి. వాటిలో ఒక గనికి దాదాపు 450 మీటర్ల దూరంలో ఉన్న ఒక ఊరివారు రెండు ఫిర్యాదులు చేశారు. రాత్రి పది దాటినా క్రషర్ ఆగడం లేదని, ఆ మోతకు నిద్ర పట్టడం లేదని మొదటిది. బ్లాస్టింగ్ చేసిన ప్రతిసారీ భూకంపం వచ్చినట్టు ఇళ్లు అదురుతున్నాయని, గోడలు దెబ్బతింటాయేమోనని రెండవది. గని యాజమాన్యం అప్పటికే ఒక కొలతల నివేదిక తెప్పించుకుని ఉంది. రాత్రి సగటు ధ్వని 44 డెసిబెళ్లనీ, నివాస ప్రాంతంలో రాత్రికి అనుమతించిన 45 లోపే ఉందనీ ఆ నివేదిక చెప్పింది. ఊరివారు దానిని నమ్మలేదు. ధ్వనినీ కంపనాన్నీ కొలిచే పనిలో ఉన్నవాడిగా, ఆ రెండింటినీ మళ్లీ కొలిచి లెక్క చూపించే బాధ్యత నాకు వచ్చింది.

కొలిచిన పరికరాలలో తప్పేమీ లేదని మొదటే చెప్పాలి. ముందు నివేదికలోని గంటవారీ అంకెలూ, నేను తీసిన అంకెలూ దాదాపు ఒకటే. తేడా వచ్చినదల్లా ఆ అంకెలను కలిపిన పద్ధతిలో. డెసిబెల్ అనేది లాగరిథమ్ మీద నిలబడిన కొలత. దానిని బియ్యం కిలోల మాదిరిగా కలిపి భాగించడం కుదరదు. ఈ కేసులోని చిక్కుముడులన్నీ ఆ ఒక్క విషయం దగ్గరే పడ్డాయి కనుక, అక్కడి నుంచే మొదలుపెడతాను.

లాగరిథమ్ అంటే

పాఠ్యపుస్తకాల్లో దీనిని సంవర్గమానం అంటారు. ఒక సంఖ్య రావాలంటే 10ని ఎంత ఘాతానికి హెచ్చించాలి అన్న ప్రశ్నకు జవాబే ఆ సంఖ్య లాగరిథమ్. 1000 అంటే 10ని మూడుసార్లు గుణించడం, కనుక దాని లాగరిథమ్ 3. పది లక్షలకు 6. ఒకటికి సున్న. నూరవ వంతుకు −2. మధ్యలో ఉన్న సంఖ్యలకు జవాబు దశాంశంలో వస్తుంది. 2ని పదిసార్లు గుణిస్తే 1024 వస్తుంది, అది 1000కి బాగా దగ్గర, అంటే 10 ఘాతం 3కి దగ్గర; కాబట్టి 2 లాగరిథమ్ 3లో పదో వంతు, అంటే సుమారు 0.3 అయి ఉండాలి. పట్టికలో చూస్తే 0.301 అని ఉంటుంది. ఈ 0.3 ఒక్కటి గుర్తుంటే ధ్వని లెక్కలు సగం నోటితోనే చేయవచ్చు.

స్కాట్లండ్‌కు చెందిన జాన్ నేపియర్ 1614లో లాగరిథమ్ పట్టికలను ప్రచురించినప్పుడు ఆయన ఉద్దేశం పెద్ద గుణకారాలను కూడికలుగా మార్చడం. రెండు సంఖ్యలను గుణిస్తే వాటి లాగరిథమ్‌లు కలుస్తాయి. భాగిస్తే తీసివేత అవుతాయి. క్యాలిక్యులేటర్లు వచ్చాక ఆ అవసరం పోయింది కానీ, ఆ లక్షణం వల్ల కలిగే ఇంకొక ప్రయోజనం మిగిలింది. ఎన్నో రెట్లు తేడా ఉండే రాశులను చిన్న అంకెల్లో చెప్పడానికి అది వీలిస్తుంది. లాగరిథమ్ స్కేలు మీద ఒక్కో మెట్టూ ఇంత కలపడం కాదు, ఇన్ని రెట్లు చేయడం.

ధ్వనికి అది ఎందుకు కావలసి వచ్చిందో చూడండి. గాలిలో శబ్దం అంటే వాతావరణ పీడనంలో వచ్చే అతి చిన్న హెచ్చుతగ్గులు. ఆరోగ్యవంతమైన చెవికి వినిపించే అతి సన్నని ధ్వని పీడనాన్ని 20 మైక్రోపాస్కల్స్‌గా తీసుకున్నారు. చెవికి నొప్పి పుట్టించే ధ్వని 20 పాస్కల్స్ చుట్టుపక్కల ఉంటుంది. ఈ రెండింటి మధ్య పీడనంలో పది లక్షల రెట్లు, శక్తిలో లక్ష కోట్ల రెట్లు తేడా. నివేదికలో ఒక వరుసలో 0.00002 అనీ, పక్క వరుసలో 20 అనీ రాసుకుంటూ పోతే చదివేవారికి ఏమీ అందదు. అందుకని 20 మైక్రోపాస్కల్స్‌ను సున్నగా పెట్టుకుని, దానికి ఎన్ని రెట్లో చూసి, ఆ రెట్ల లాగరిథమ్‌ను తీసుకుంటారు.

```
L = 10 log10(I / I0) = 20 log10(p / p0)
```

ఇక్కడ I అంటే ధ్వని తీవ్రత, p అంటే పీడనం. p0 అనేది ఆ 20 మైక్రోపాస్కల్స్, I0 ఆ పీడనానికి సరిపోయే తీవ్రత. ఒకచోట 10, మరోచోట 20 ఉండడం చూసి చాలామంది తికమకపడతారు. తీవ్రత పీడనం వర్గాన్ని అనుసరిస్తుంది. వర్గానికి లాగరిథమ్ తీస్తే 2 ముందుకు వస్తుంది. 10 కాస్తా 20 అవుతుంది. అంతకు మించి ఏమీ లేదు. రెండు సూత్రాలూ ఒకే జవాబు ఇస్తాయి. ఈ ప్రమాణాన్ని మొదట వాడినది ధ్వని శాస్త్రజ్ఞులు కారు, టెలిఫోన్ ఇంజనీర్లు. తీగ పొడవునా సంకేతం ఎన్ని రెట్లు తగ్గుతుందో లెక్కించడానికి 1920లలో అమెరికాలో పెట్టుకున్నారు. బెల్ అనే ప్రమాణం అలెగ్జాండర్ గ్రాహం బెల్ పేరు మీద వచ్చింది, అందులో పదో వంతు డెసిబెల్.

తీవ్రత రెట్టింపయితే 10 × 0.3, అంటే 3 డెసిబెళ్లు పెరుగుతాయి. పది రెట్లయితే 10 డెసిబెళ్లు. నూరు రెట్లయితే 20. చెవికి మాత్రం 10 డెసిబెళ్లు పెరిగితేనే శబ్దం ఇంచుమించు రెండింతలైనట్టు తోస్తుంది. చెవి కూడా రెట్లనే లెక్కపెడుతుందన్నమాట, అయితే మన సూత్రంతో అచ్చంగా సరిపోయేలా కాదు. మీటరు చూపే అంకెకూ మనిషికి కలిగే బాధకూ మధ్య ఈ ఎడం ఎప్పుడూ ఉంటుంది.

ఎనిమిది గంటల రాత్రి

మన దేశంలో 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో పగటికి 55, రాత్రికి 45 డెసిబెళ్లు పరిమితి. రాత్రి అంటే 10 గంటల నుంచి తెల్లవారి 6 గంటల వరకు. ఇవి ఎ-వెయిటింగ్‌తో, అంటే మనిషి చెవి తక్కువగా వినే మంద్ర స్వరాలకు తక్కువ విలువ ఇచ్చి కొలిచేవి. ఇంకా ముఖ్యంగా, ఇవి ఆ వ్యవధి మొత్తానికి చెందిన సమతుల్య స్థాయులు. వాటిని Leq అని రాస్తారు. ఆ ఎనిమిది గంటల్లో హెచ్చుతగ్గులతో వచ్చిన ధ్వని శక్తి అంతా ఒకే నిలకడతో వచ్చి ఉంటే అది ఎంత స్థాయిలో ఉండేదో అదే Leq. పరిమితి శక్తికి సంబంధించినది కాబట్టి సగటు కూడా శక్తి మీదే తీయాలి.

ఊరి అంచున, గనికి అన్నిటికంటే దగ్గరగా ఉన్న ఇంటి ముందు మైక్రోఫోన్ పెట్టాం. గోడకు దగ్గరగా పెడితే ప్రతిబింబించిన ధ్వని కూడా చేరి సుమారు 3 డెసిబెళ్లు ఎక్కువ చూపవచ్చు, కనుక గోడకు బాగా ఎడంగా ఉంచాం. కొలతకు ముందూ తరువాతా కాలిబ్రేటరుతో సరిచూసుకున్నాం. ఆ చిన్న పెట్టె 94 డెసిబెళ్ల స్వరం ఇస్తుంది, అది పీడనంలో ఇంచుమించు ఒక పాస్కల్. ఆ రాత్రి గంటవారీగా వచ్చినవి వరుసగా 61, 59, 38, 37, 37, 38, 40, 44. క్రషర్ అర్ధరాత్రి పన్నెండింటికి ఆగింది. చివరి రెండు గంటల్లోని పెరుగుదల పక్షులదీ, పాల వాహనాలదీ.

ఈ ఎనిమిదింటినీ కూడితే 354 వస్తుంది, ఎనిమిదితో భాగిస్తే 44.25. ముందు నివేదికలోని 44 ఇలాగే పుట్టింది. సరైన లెక్కకు ప్రతి అంకెనూ ముందు లాగరిథమ్ నుంచి బయటికి తీయాలి: 61 డెసిబెళ్లంటే 10 ఘాతం 6.1, అంటే సున్న స్థాయికి సుమారు 12.6 లక్షల రెట్లు. 59 అంటే 7.9 లక్షల రెట్లు. 38 అంటే ఆరు వేల చిల్లర రెట్లు మాత్రమే. ఈ రెట్లను కూడి, ఎనిమిదితో భాగించి, వచ్చినదాన్ని తిరిగి లాగరిథమ్‌లోకి మార్చాలి.

```
Leq = 10 log10[(10^6.1 + 10^5.9 + 10^3.8 + 10^3.7
      + 10^3.7 + 10^3.8 + 10^4.0 + 10^4.4) / 8]
    = 54.2
```

పరిమితి 45. వచ్చినది 54.2. పైకి తొమ్మిది డెసిబెళ్లే కదా అనిపిస్తుంది కానీ, శక్తిలో అది ఎనిమిది రెట్లకు మించిన ఉల్లంఘన. ఆ రాత్రి ఊరికి చేరిన మొత్తం ధ్వని శక్తిలో నూటికి 97 పాళ్లు మొదటి రెండు గంటల్లోనే చేరింది. "నడిరేయి దాటినాక బాగనే ఉంటాది సార్, కానీ అప్పటికి నిద్ర యెగిరిపోయి ఉంటాది" అని ఆ ఇంటి పెద్దావిడ చెప్పిన మాట, ఈ 97 శాతానికి సరిగ్గా సరిపోయింది.

ఇంత పెద్ద తేడా వచ్చే పొరపాటు ఇంతకాలం ఎవరి కంటా ఎందుకు పడలేదన్న ప్రశ్నకు జవాబు ఆసక్తికరమైనది. అంకెలన్నీ దగ్గర దగ్గరగా ఉన్నప్పుడు రెండు పద్ధతులూ దాదాపు ఒకే జవాబు ఇస్తాయి. క్రషర్ నడవని ఒక రాత్రి అదే చోట 40, 39, 38, 37, 37, 38, 40, 44 వచ్చాయి. మామూలు సగటు 39.1, శక్తి సగటు 39.8. తేడా ఒక డెసిబెల్ కూడా లేదు. ప్రశాంతమైన చోట్ల కొలిచి అలవాటైన చేతికి మామూలు సగటు సరైనదిగానే కనిపిస్తూ వస్తుంది. మోత వచ్చి ఆగి, వచ్చి ఆగే చోట, అంటే కొలత నిజంగా అవసరమైన చోటే, అది దెబ్బతీస్తుంది. ఎవరైనా ఇచ్చిన నివేదికను సరిచూడాలంటే ఒక దారి ఉంది: గంటవారీ అంకెల్లో అత్యధికమైనదాన్ని తీసుకుని, అది ఒక్క గంటే వచ్చిందనుకుని, ఎనిమిదో వంతుకు 9 తగ్గించండి. ఇక్కడ 61 లోంచి 9 పోతే 52. మిగిలిన ఏడు గంటలూ పూర్తి నిశ్శబ్దంగా ఉన్నా అసలు సగటు 52 కంటే తక్కువ ఉండే వీలే లేదు. 44 అని రాసి ఉంటే ఆ లెక్క తప్పని అక్కడికక్కడే తెలిసిపోతుంది.

ఫ్యాను మీద పెట్టబోయిన డబ్బు

యాజమాన్యం ఈ లెక్కను ఒప్పుకుంది. అయితే వారి దగ్గర అప్పటికే ఒక పరిష్కారం సిద్ధంగా ఉంది. క్రషర్ దుమ్మును లాగే బ్యాగ్ ఫిల్టర్‌కు ఒక పెద్ద ఫ్యాను ఉంది, అది ఊరివైపు కంచె దగ్గరే ఉంది, సన్నని ఈల లాంటి స్వరంతో తిరుగుతుంది. గనిలో నిలబడి విన్నవారికీ, ఊళ్లో విన్నవారికీ కూడా చెవిలో పడేది ఆ ఈలే. కాబట్టి ఫ్యానుకు సైలెన్సర్ బిగిస్తే చాలనుకున్నారు.

ఏ యంత్రం వాటా ఎంతో తేల్చడానికి ఒకదాన్ని ఆపి మరొకదాన్ని నడిపి కొలవడం కంటే నమ్మదగిన పద్ధతి నాకు తెలియదు. రెండూ నడుస్తుండగా ఊరి అంచున 60.6 వచ్చింది. క్రషర్ ఆపి, ఫ్యానును మాత్రం తిరగనిస్తే 52. ఇక్కడ కూడా 60.6 లోంచి 52 తీసివేసి క్రషర్ వాటా 8.6 అనడం అర్థంలేని మాట. రెట్లలోకి మార్చి తీసివేస్తే క్రషర్ ఒక్కటే 60.0 అని తేలింది. అంటే ఫ్యానును పూర్తిగా ఊడబెరికి పారేసినా ఊరికి చేరే మోత 60.6 నుంచి 60.0కు తగ్గుతుంది. ఆరు పదో వంతుల డెసిబెల్ తగ్గుదలను మనిషి చెవి గుర్తుపట్టదు.

ఇలాంటి తీసివేతకు ఒక హద్దు ఉంది. అన్నీ నడిచినప్పటి అంకెకూ, కొన్ని ఆపినప్పటి అంకెకూ తేడా 3 డెసిబెళ్ల కంటే తక్కువైతే, రెండు పెద్ద సంఖ్యల మధ్య చిన్న తేడాను వెతుకుతున్నట్టు అవుతుంది. గాలి కొంచెం మళ్లినా జవాబు తారుమారవుతుంది. ఇక్కడ ఆ తేడా 8.6 కాబట్టి క్రషర్ అంకె మీద నాకు అనుమానం లేదు.

రాత్రి సంగతి తేలిక. పరిమితి 45 అయినప్పుడు 60 ఇచ్చే యంత్రాన్ని పగటికి మార్చడం తప్ప వేరే మార్గం లేదు; 15 డెసిబెళ్లంటే ముప్పై రెట్లకు పైగా తగ్గించాలి. క్రషర్ పదింటికల్లా ఆగింది, దానితోపాటే ఫ్యానూ. పగటి లెక్కే కష్టం. పగటి పరిమితి 55, క్రషర్ నడుస్తున్నంతసేపూ 60. గంటలు తగ్గించి పరిమితిలోకి రావాలంటే 5 డెసిబెళ్లు, అంటే శక్తిలో మూడో వంతు లోపు. పదహారు గంటల పగటిలో దాదాపు ఐదు గంటలే నడపాలి. దానికి గనివారు ఎలాగూ సిద్ధపడరు. అందుకని క్రషర్ షెడ్డును ఊరివైపు రేకులతో, లోపల ధ్వనిని పీల్చే పొరతో మూయించాం, రాయి పడే తొట్టికి రబ్బరు పరిపించాం. మళ్లీ కొలిస్తే క్రషర్ వాటా 60 నుంచి 51కి దిగింది.

ఇప్పుడు లెక్క తిరగబడింది. క్రషర్ 51, ఫ్యాను 52. రెండూ కలిస్తే 54.5. దీనికి ఊరి సొంత పగటి సందడి 48 కూడా చేరితే 55.4, పరిమితి దాటినట్టే. ఈ స్థితిలో ఫ్యానుకు సైలెన్సర్ పెట్టి 52ను 44కి దించితే యంత్రాల మొత్తం 54.5 నుంచి 51.8కి, ఊరి సందడితో కలిపి 53.3కి వస్తుంది. మొదట పెట్టి ఉంటే అర డెసిబెల్ ఇచ్చే అదే సైలెన్సర్, క్రషర్‌ను మూసిన తరువాత పెడితే 2.7 డెసిబెళ్లు ఇచ్చింది. లాగరిథమ్ స్కేలులో పెద్దది ఉన్నంతకాలం చిన్నదాన్ని అది కప్పేస్తుంది, పెద్దదాన్ని దించాక చిన్నదే పెద్దదవుతుంది. ఏ పని ముందు చేయాలన్నది అందువల్లే ఖర్చుకు సంబంధించిన ప్రశ్న అవుతుంది. ఫ్యాను ఈల ఊరివారిని విసిగిస్తోందన్నది మాత్రం మొదటి నుంచీ నిజమే. ఒకే స్వరంలో సాగే మోత అదే డెసిబెళ్ల కలగాపులగపు మోత కంటే ఎక్కువ చికాకు పెడుతుంది, ఆ సంగతి ఎ-వెయిటింగ్ అంకెలో కనిపించదు.

"రిక్టర్ మీద ఎంత సార్?"

రెండో ఫిర్యాదుకు వచ్చేసరికి ఊళ్లో అందరూ అడిగినది ఈ ఒక్క ప్రశ్నే. 2024 డిసెంబరు 4న ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో వచ్చిన భూకంపం వార్తలు అందరికీ గుర్తున్నాయి. ఆ రోజు ఇక్కడ ఎవరి గిన్నే కదలలేదు కానీ, గనిలో బ్లాస్టింగ్ చేస్తే పాత్రలు గలగలలాడుతున్నాయి, కనుక గనిది 5.3 కంటే పెద్దదేనని ఒక యువకుడు వాదించాడు. వాదనలో తర్కం ఉంది; లోపమల్లా ఆ అంకె దేనిని కొలుస్తుందో తెలియకపోవడంలో ఉంది.

1935లో కాలిఫోర్నియాలో చార్లెస్ రిక్టర్ ఈ స్కేలును రూపొందించినప్పుడు ఆయన ముందున్న ఇబ్బంది ధ్వనివారిదే. వుడ్-ఆండర్సన్ అనే కంపన లేఖిని కాగితం మీద గీసే గీతలు ఒక భూకంపానికి మిల్లీమీటరులో చిన్న భాగం, మరొక దానికి అంతకు ఎన్నో రెట్లు. తోటి శాస్త్రజ్ఞుడు బెనో గుటెన్‌బర్గ్ సలహాతో ఆ గీతల ఎత్తుకు లాగరిథమ్ తీశారు. భూకంప కేంద్రానికి 100 కిలోమీటర్ల దూరంలో ఆ పరికరం మీద గీత ఒక మిల్లీమీటరు ఎత్తు వస్తే దానిని 3 అన్నారు. పది మిల్లీమీటర్లయితే 4. మిల్లీమీటరులో వెయ్యో వంతు అయితే సున్న. అంతకంటే చిన్న కంపనాలకు రుణ సంఖ్యలు వస్తాయి, ఈనాటి సున్నితమైన పరికరాలు అలాంటివాటినీ నమోదు చేస్తాయి.

ఆ నిర్వచనంలో కీలకం 100 కిలోమీటర్లన్న మాట. పరికరం ఎంత దూరంలో ఉన్నా, ఆ దూరానికి దిద్దుబాటు చేసి, 100 కిలోమీటర్ల దగ్గర ఉంటే ఎంత చూపేదో దానికి మారుస్తారు. కాబట్టి ఆ అంకె భూకంపానిది, మీ ఇంటిది కాదు. బల్బు మీద రాసిన వాట్లు బల్బువి. మీరు చదివే పుస్తకం మీద పడే వెలుతురు మీరు ఎంత దూరంలో కూర్చున్నారన్న దాన్నిబట్టి ఉంటుంది. 450 మీటర్ల దూరంలో జరిగిన చిన్న పేలుడు, వందల కిలోమీటర్ల దూరంలో వచ్చిన పెద్ద భూకంపం కంటే ఒక ఇంటిని ఎక్కువగా కదిలించవచ్చు. ఆ యువకుడు గమనించినది నిజం, దాన్నుంచి తీసిన ముగింపు మాత్రం కాదు.

అయినా అడిగారు కనుక అంచనా వేసి చూపించాను. భూకంపం వెదజల్లే తరంగ శక్తికీ తీవ్రతకూ గుటెన్‌బర్గ్, రిక్టర్ ఇచ్చిన సంబంధం ఇది, E జౌళ్లలో.

```
log10 E = 1.5 M + 4.8
```

ఆ గనిలో ఒక విడత పేలుడుకు సుమారు రెండు టన్నుల పేలుడు పదార్థం వాడుతున్నారు. కిలోకు 38 లక్షల జౌళ్ల చొప్పున మొత్తం 760 కోట్ల జౌళ్లు. అందులో ఎక్కువ భాగం రాయిని పగలగొట్టడానికీ, వేడికీ, గాలిలోకీ పోతుంది. నూటికి ఒక వంతు నేలలో తరంగాలుగా పోతుందనుకుంటే 7.6 కోట్ల జౌళ్లు. దాని లాగరిథమ్ 7.88. అందులోంచి 4.8 తీసి 1.5తో భాగిస్తే సుమారు 2. ఒక వంతు అన్న ఊహ తప్పయి, శక్తి మొత్తం తరంగాలుగానే పోయిందనుకున్నా 3.4 దాటదు. ఊహలో నూరు రెట్లు పొరపాటు పడినా జవాబు 1.3 మాత్రమే కదిలింది చూడండి. లాగరిథమ్ స్కేలులో ఉజ్జాయింపు అంచనాలు కూడా పనికివచ్చేది ఇందువల్లే.

2కీ 5.3కీ మధ్య ఎంత? తీవ్రత ఒకటి పెరిగితే గీత ఎత్తు పది రెట్లు, శక్తి దాదాపు 32 రెట్లు. 3.3 పెరిగితే శక్తి 89 వేల రెట్లు. 1993 సెప్టెంబరు 30న లాతూరు దగ్గర కిల్లారిలో వచ్చిన 6.2తో పోల్చితే ఇరవై లక్షల రెట్లు. పత్రికలు ఈనాటికీ రిక్టర్ స్కేలు అని రాస్తున్నా, పెద్ద భూకంపాలకు ఇప్పుడు ఇచ్చేది 1979లో థామస్ హ్యాంక్స్, హిరో కనమోరి ప్రతిపాదించిన మొమెంట్ తీవ్రత. 7 దాటిన భూకంపాల్లో రిక్టర్ పాత పరికరం గీత శక్తికి తగ్గట్టు పెరగకుండా నిలిచిపోతుంది. కొత్త కొలత అందుకని చీలిన రాతిపొర వైశాల్యాన్నీ, అది జరిగిన దూరాన్నీ, రాయి గట్టితనాన్నీ గుణించి లెక్కిస్తుంది. ఆ లబ్ధానికి కూడా చివరకు లాగరిథమే తీస్తారు, పాత అంకెలతో పొత్తు కుదిరేలా.

ఇంటి గోడకు ఏమవుతుందన్నది వేరే ప్రశ్న, దానికి వేరే కొలత. అదే ఇంటి పునాది పక్కన జియోఫోన్ పాతి, నేల కణాలు ఎంత గరిష్ఠ వేగంతో కదులుతున్నాయో కొలిచాం. సెకనుకు 1.7 మిల్లీమీటర్లు, పౌనఃపున్యం 14 హెర్ట్జ్. గనుల భద్రతా డైరెక్టరేట్ 1997లో ఇచ్చిన ప్రమాణాల ప్రకారం గనికి చెందని ఇళ్లకు 8 నుంచి 25 హెర్ట్జ్ మధ్య సెకనుకు 10 మిల్లీమీటర్లు పరిమితి. ఇది లాగరిథమ్ లేని మామూలు కొలత. హద్దుకు ఆరో వంతు అంటే ఆరో వంతే. అయితే మనిషి ఒళ్లు సెకనుకు ఒక మిల్లీమీటరు లోపు కదలికను కూడా పసిగడుతుంది, కాబట్టి ఇల్లు అదిరిందన్నవారు అబద్ధం చెప్పలేదు.

కిటికీలు గలగలమన్నది ఎక్కువగా నేల వల్ల కాక గాలి వల్ల. పేలుడు గాలి తరంగాన్ని మీటరు 118 డెసిబెళ్లని చూపింది. ఆ అంకెను పగటి పరిమితి 55 పక్కన పెట్టి ఊరివారు హడలిపోయారు. ఈ రెండూ పోల్చదగినవి కావు. 55 అన్నది పదహారు గంటల శక్తి సగటు, చెవికి తగ్గట్టు సవరించినది. 118 అన్నది సవరణ లేని క్షణకాలపు గరిష్ఠ పీడనం, అందులో చాలా భాగం చెవికి వినిపించనంత మంద్రం. 20 సూత్రాన్ని వెనక్కి నడిపితే అది 16 పాస్కల్స్. అమెరికా గనుల బ్యూరో 1980లో ఇళ్లకు సురక్షితమన్న 133 డెసిబెళ్లు 89 పాస్కల్స్. అంటే అయిదున్నర రెట్ల ఎడం ఉంది. ప్రతి డెసిబెల్ అంకె పక్కనా అది దేనితో పోల్చినదో, ఎంతసేపటిదో, ఏ సవరణతో కొలిచినదో రాయాలని నేను పట్టుబట్టేది ఇందుకే.

చివరిగా గనివారు అడిగిన సంగతి. పేలుడు పదార్థాన్ని రెండు టన్నుల నుంచి నాలుగు టన్నులకు పెంచితే తీవ్రత 2 నుంచి 4 అవుతుందా అని. అవదు. శక్తి రెట్టింపయితే 0.3ని 1.5తో భాగించినంత, అంటే 0.2 పెరుగుతుంది. కానీ ఊరికి లెక్క ఆ మొత్తంతో కాదు, ఒకే క్షణంలో పేలే పరిమాణంతో. రంధ్రాలను మిల్లీసెకన్ల ఎడంతో వరుసగా పేలుస్తారు, ఇక్కడ ఒక్కో క్షణానికి 60 కిలోలు. వేర్వేరు దూరాల్లో, వేర్వేరు పరిమాణాలతో కొలిచిన వేగాలను, దూరాన్ని క్షణానికి పేలిన కిలోల వర్గమూలంతో భాగిస్తే వచ్చే అంకెకు ఎదురుగా, రెండు వైపులా లాగరిథమ్ గడులున్న కాగితం మీద చుక్కలుగా పెట్టాం. మామూలు కాగితం మీద వంకరగా కనిపించే ఆ చుక్కలు అక్కడ తిన్నని గీతగా వచ్చాయి, గీత కిందికి దిగే వాలు 1.6. ఆ వాలు ప్రకారం ఒకే క్షణంలో 60కి బదులు 120 కిలోలు పేలితే అదే ఇంటి దగ్గర 1.7 కాస్తా 3 అవుతుంది. నాలుగు టన్నులు వాడుకున్నా ఎడం క్రమం తప్పకుండా క్షణానికి 60 కిలోలు దాటకపోతే 1.7 చుట్టుపక్కలే ఉంటుంది. ఆ గీత ఆ రాతికి, ఆ దిక్కుకు మాత్రమే చెల్లుతుంది. గని ముఖం ఊరివైపు జరిగితే మళ్లీ కొలిచి మళ్లీ గీయాలని నివేదికలో రాసి, పేలుడు నమోదు పుస్తకంలో క్షణానికి ఎన్ని కిలోలన్న గడిని విడిగా పెట్టించాను.